ఒకే చానెల్‌కు రెండు వాహకతలా?

ప్రశ్న: ప్రాక్టికల్‌లో ఇచ్చిన ప్యాచ్ క్లాంప్ రికార్డింగులో ఒక పొటాషియం చానెల్ +20 మిల్లీవోల్టుల దగ్గర 5 పికోఆంపియర్లు, +40 దగ్గర 6 చూపింది. కరెంటును వోల్టేజితో భాగిస్తే వాహకత 250, 150 పికోసీమెన్స్ వస్తోంది. ఏది సరైనది?

జవాబు: రెండూ కావు. అయాన్లను నడిపేది వోల్టేజి ఒక్కటే కాదు, పొరకు రెండు వైపులా ఉన్న పొటాషియం గాఢతల తేడా కూడా. అందుకే సున్నా వోల్టేజి దగ్గర కూడా ఈ చానెల్ గుండా కరెంటు పారుతుంది; మీ పద్ధతిలో అక్కడ వాహకత అనంతం కావాలి! చూడాల్సింది కరెంటు-వోల్టేజి గీత వాలు. 20 మిల్లీవోల్టులకు 1 పికోఆంపియర్ పెరిగింది, అంటే 50 పికోసీమెన్స్. గీతను వెనక్కి పొడిగిస్తే −80 దగ్గర కరెంటు సున్నా అవుతుంది. మామూలు కణ ద్రావణాలలో పొటాషియం సమతుల్య వోల్టేజి ఆ దరిదాపుల్లోనే ఉంటుంది కాబట్టి ఈ లెక్క నమ్మదగినది.

ఏ రెండు బిందువులైనా గీత అవుతాయి కదా అంటే, నిజమే. కనీసం ఐదారు వోల్టేజిల దగ్గర కొలవాలి. గాఢతలు అసమానంగా ఉంటే గీత వంగుతుంది. అప్పుడు వాలును ఏ పరిధిలో తీశారో రాయాలి. +20 దగ్గరే 10 పికోఆంపియర్ల మెట్టు కనిపిస్తే వాహకత రెట్టింపైందని కాదు, చాలావరకు రెండు చానెళ్లు ఒకేసారి తెరుచుకున్నాయని. మరీ క్షణికమైన తెరుపులను ఫిల్టరు పూర్తి ఎత్తుకు చేరనివ్వదు. ఎత్తును పైన చదునుగా నిలిచిన తెరుపుల్లోనే కొలవండి.