సర్కారు ఫారానికి కాగితాల కట్ట, ప్రైవేటుకు ఒక్క పేజీ

సర్కారు కొలువుల నోటిఫికేషన్ పడిందంటే మన చాంద్రాయణగుట్ట చౌరస్తాలో జిరాక్స్ షాపుల ముందు నిలబడే చోటుండదు. కొందరు పిల్లలు అదే కాగితాల కట్టను శంషాబాద్ ఎయిర్‌పోర్టులో ప్రైవేటు కొలువుకూ మోసుకెళ్తారు, అక్కడ దాన్ని విప్పి చూసేవాళ్లే ఉండరు. రెండింటికీ ఏమేం కావాలో మా ఇంట్లో పిల్లలకు సర్దిపెట్టిన లెక్క చెప్తాను, వినండి.

1. ఇంట్లో రెండు ఫైళ్లు పెట్టండి. సర్కారు ఫారంలో ప్రతి గడికీ వెనకాల ఒక సర్టిఫికెట్ ఉండాలి. రెజ్యూమేకి మాత్రం మీకు ఏ పని వచ్చో చెప్తే చాలు.

2. సర్కారు ఫారంలో పేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోలో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా ఎక్కించండి. మన దగ్గర మెమోలో ‘ఎండీ’ అని, ఆధార్‌లో ‘మహమ్మద్’ అని ఉండటం మామూలే. మెమో చూపించి ఆధార్‌ను ముందే సరిచేయించుకుంటే వెరిఫికేషన్ రోజు గుండె దడ ఉండదు.

3. అన్నిటికన్నా ముందు ఒకటి నుంచి ఏడో తరగతి దాకా బోనఫైడ్‌లు పట్టుకోండి. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల తర్వాత తెలంగాణలో మీరు ఏ జిల్లాకు లోకలో తేల్చేది ఆ ఏడేళ్ల చదువే, పైగా నూటికి 95 పోస్టులు లోకల్ వాళ్లవే. అంతకుముందు నాలుగు నుంచి పది తరగతులు చూసేవాళ్లు కాబట్టి అన్నయ్య పాత కాగితాలు చూసి మోసపోకండి.

4. మా వీధిలో ఒకమ్మాయి మూడో తరగతి దాకా కల్వకుర్తిలో అమ్మమ్మ దగ్గర, నాలుగు నుంచి ఏడు దాకా ఇక్కడే చదివింది. ఇక్కడ వరుసగా నాలుగేళ్లు పడ్డాయి కాబట్టి హైదరాబాద్ జిల్లాకు లోకల్. ఆధార్‌లో అడ్రస్ ఎక్కడిదన్నది ఈ లెక్కలోకి రాదు. అయినా కల్వకుర్తి బోనఫైడ్ కూడా తెచ్చుకోవాల్సిందే, ఏడేళ్లలో ఒక్కటి తగ్గినా అడుగుతారు.

5. గల్లీ బడులు మూతపడటం మన దగ్గర కొత్త కాదు. రికార్డులు ఎక్కడికి పోయాయో విద్యాశాఖ ఆఫీసులో ఇప్పుడే కనుక్కోండి. నోటిఫికేషన్ వచ్చాక వెళ్తే మీలాంటివాళ్లు ఇంకో యాభై మంది ఉంటారు.

6. బీసీలకు కుల సర్టిఫికెట్‌తో పాటు క్రీమీలేయర్‌లో లేరన్న కాగితం విడిగా కావాలి. ఈడబ్ల్యూఎస్ కాగితం ఆ ఒక్క ఆర్థిక సంవత్సరానికే చెల్లుతుంది. రెండూ మీసేవలో పెట్టుకుని రసీదు దాచుకోండి, సంతకం తహసీల్దార్‌ది కాబట్టి కొన్ని రోజులు పడుతుంది.

7. టీజీపీఎస్సీలో ఓటీఆర్ ఖాళీగా ఉన్నప్పుడే చేసిపెట్టుకోండి, చివరి రోజు సర్వర్‌తో కుస్తీ తప్పుతుంది. 2022 డిసెంబర్ గ్రూప్-4కి ఫారం ఖర్చు రూ.200, పరీక్ష ఫీజు రూ.80, నిరుద్యోగులకు ఆ 80 లేదు. నెట్ సెంటర్ వాడు అంతకన్నా ఎక్కువ చెప్తే నోటిఫికేషన్ తెరిచి చూపించమనండి.

8. సబ్మిట్ కొట్టాక వచ్చే పీడీఎఫ్ ప్రింట్ తీసి అదే ఫైల్లో పెట్టండి, ఒరిజినల్స్ పక్కన దాన్నీ చూస్తారు. ఫోన్‌లో మాత్రమే ఉంచుకుంటే ఫోన్‌తో పాటే పోతుంది.

9. ఇక రెజ్యూమే. నాన్న పేరు, కులం, పెళ్లయిందా లేదా, ఆధార్ నంబరు, కింద ‘పైవన్నీ నిజమని ప్రమాణం’ అన్నీ కొట్టేయండి. ఫోన్ నంబరు, మెయిల్, చేసిన పని, చదువు ఒక్క పేజీలో సర్దితే ప్రింట్ ఖర్చూ తగ్గుతుంది, చదివేవాళ్లకూ ఓపిక ఉంటుంది.

10. ఇందాకటి అమ్మాయే బేగంబజార్‌లో ఒక హోల్‌సేల్ దుకాణంలో లెక్కలు రాసింది. గ్రూప్-4 ఫారంలో ఆ పనికి మార్కు లేదు. రెజ్యూమేలో మాత్రం అదే మొదటి వరుస: ‘టాలీలో రోజువారీ బిల్లులు, నెలాఖరుకు జీఎస్టీ లెక్కలు, హిందీ, తెలుగు రెండింట్లో కస్టమర్లతో మాటలు’. ‘కష్టపడి పనిచేస్తాను’ అన్న ముక్క ఎవరూ నమ్మరు, రాయకండి.

11. సర్కారు ఫారం అందరికీ ఒకటే, రెజ్యూమే ఉద్యోగానికొకటి. ప్రకటనలో ‘బిల్లింగ్’ అంటే మీ బిల్లింగ్ పని పైకి తీసుకురండి, ‘కౌంటర్’ అంటే కస్టమర్ల సంగతి పైకి తీసుకురండి. పది నిమిషాల పని.

12. పాత కొలువు వదిలేటప్పుడే రిలీవింగ్ లెటరు, చివరి మూడు నెలల జీతం స్లిప్పులు, పీఎఫ్ యూఏఎన్ నంబరు తీసుకోండి. ఇవి రెజ్యూమేకి జత చేయొద్దు, ఉద్యోగం ఇస్తామన్నాక అడుగుతారు. ఏడాది తర్వాత పాత సేటు దగ్గరికి వెళ్తే ఫోనే ఎత్తడు.

13. ప్రైవేటు ఉద్యోగానికి ‘రిజిస్ట్రేషన్’, ‘యూనిఫాం డిపాజిట్’ అని ముందే డబ్బు అడిగితే లేచి వచ్చేయండి.