200 టైము నుంచి 400 టైము అంచనా: పీఈటీలకు ఒక చిన్న లెక్క

జోనల్ మీట్ ఎంట్రీలు ఇచ్చే రోజు దగ్గరపడుతుంది. 100, 200 మీటర్లు పరిగెత్తే కుర్రాడొకడున్నాడు, 400 ఎప్పుడూ పరిగెత్తలేదు. వాణ్ని 400లో దింపాలా, కనీసం రిలేకైనా పనికొస్తాడా అన్నది తేల్చాలి. ఇలాంటప్పుడు చాలామంది ఫోన్‌లో దొరికే పరుగు కాలిక్యులేటర్‌లో 200 టైము కొట్టి, వచ్చిన అంకెను నమ్మేస్తారు. అక్కడే తేడా కొడుతుంది.

ఆ కాలిక్యులేటర్లలో ఎక్కువ వాటి వెనక పీట్ రీగెల్ సూత్రం ఉంటుంది. దూరం రెట్టింపైతే టైము 2^1.06, అంటే సుమారు 2.085 రెట్లు అవుతుందని దాని లెక్క. నిమిషాల తరబడి సాగే పరుగులకు చేసిన సూత్రమది. స్ప్రింటుకు అది అతకదు. 100 నుంచి 200కి వెళ్లేటప్పుడు బ్లాకుల నుంచి లేచి వేగం అందుకునే ఖర్చు ఒక్కసారే పడుతుంది కాబట్టి టైము ఇంచుమించు రెట్టింపే అవుతుంది. ఉసేన్ బోల్ట్ రికార్డులు 9.58, 19.19 చూడండి. 200 నుంచి 400కి వచ్చేసరికి కథ మారుతుంది. చివరి వంద మీటర్లలో కాళ్లు బిగుసుకుపోతాయి, ఆ నష్టం స్టార్టులో మిగిలినదానికంటే చాలా ఎక్కువ.

అందుకే 400కి వేరే గుణకం కావాలి. వేడ్ వాన్ నీకెర్క్ 200 బెస్ట్ 19.84, 400 బెస్ట్ 43.03. భాగిస్తే 2.17. మైకేల్ జాన్సన్ 19.32, 43.18తో 2.24 దగ్గర ఉన్నాడు. బోల్ట్ 2007లో 200 మీటర్లు 19.75కి, 400 మీటర్లు 45.28కి పరిగెత్తాడు, అంటే 2.29. 200లో దాదాపు ఒకే స్థాయివాళ్లయిన వాన్ నీకెర్క్, 2007 నాటి బోల్ట్ మధ్య 400లో రెండు సెకన్లకు పైగా తేడా! కాబట్టి ఈ లెక్క ఒక్క అంకెను చెప్పదు, ఒక పరిధిని చెబుతుంది. మొదలుపెట్టడానికి 2.2 వాడుకోవచ్చు.

మన కుర్రాడి 200 బెస్ట్ స్టాప్‌వాచ్‌లో 23.4 అనుకుందాం. ముందు దాన్ని ఎలక్ట్రానిక్ టైములోకి మార్చాలి. వాడుకలో ఉన్న పద్ధతి ప్రకారం 100, 200లకు 0.24, 300, 400లకు 0.14 కలపాలి. అప్పుడు 23.64 అవుతుంది. 2.2తో గుణిస్తే 52.0. అటూ ఇటూ పరిధి తీసుకుంటే 51.3 నుంచి 54.1 దాకా. రీగెల్ లెక్క మాత్రం 49.3 అంటుంది. దాన్ని నమ్మి పంపితే పిల్లవాడు మొదటి 200 విరగదీసి, ఆఖరున నడుస్తాడు.

దాదాపు మూడు సెకన్ల పరిధి మరీ వెడల్పు. తగ్గించాలంటే ఇంకో సూత్రం వెతక్కండి, 300 మీటర్ల ట్రయల్ పెట్టండి. అంచనా వేసే దూరానికి ఎంత దగ్గరగా పరిగెత్తిస్తే లెక్క అంత గట్టిపడుతుంది. వాన్ నీకెర్క్ 300 బెస్ట్ 30.81, జాన్సన్‌ది 30.85. ఇద్దరి 400 బెస్టూ దానికి 1.40 రెట్లే. వాళ్లు 400 కోసమే సాధన చేసినవాళ్లు. మన పిల్లలకు 1.43 దాకా వదలడం మంచిదని నా అభిప్రాయం. కుర్రాడు 300ని చేతి గడియారంలో 37.0కి పరిగెత్తితే, 0.14 కలిపి 37.14. దాన్నిబట్టి 400 టైము 52.0, 53.1 మధ్య వస్తుంది. ఎంట్రీ నిర్ణయానికి ఇది చాలు.

లెక్క చెడేది సాధారణంగా గుణకం వల్ల కాదు, లోపలికి వెళ్లిన టైము వల్ల. విజిల్ చప్పుడు విని వాచ్ నొక్కితే, ఆ శబ్దం మీ దాకా వచ్చేలోపు కొంత టైము పోతుంది, పిల్లవాడు ఉన్నదానికంటే వేగంగా కనిపిస్తాడు. స్టార్టర్ చేతి కదలికనో, తుపాకీ పొగనో చూసి నొక్కాలి. వెనక గాలి సెకనుకు 2 మీటర్లు దాటిన 200 టైమును పక్కన పెట్టండి. నిరుటి 200ని ఈ నెల 300తో జత చేయకండి, రెండూ ఒకే సీజన్‌వి, ఒకే రకం గ్రౌండ్ మీదవి కావాలి.

మీ పాత రిజిస్టర్ తీసి, ఒకే సీజన్‌లో 200, 400 రెండూ పరిగెత్తిన మీ పిల్లల గుణకాలు రాసుకోండి, అబ్బాయిలవి వేరుగా, అమ్మాయిలవి వేరుగా. మధ్యలో పడే అంకె మీ గ్రౌండ్‌కు నా 2.2 కంటే నమ్మకమైనది. ఒక్క మాట మాత్రం: ఎంట్రీ ఫారంలో బెస్ట్ టైము అడిగిన చోట ఈ అంచనా రాయకండి. అక్కడ నిజంగా పరిగెత్తిన టైమే రాయాలి, లేకపోతే ఆ గడి ఖాళీగా వదిలేయాలి.