చందమామ ముఖాన గుంటలు – భూమి వాటిని ఎక్కడ దాచింది?

పున్నమినాటి చంద్రుణ్ణి చూస్తే మీకు నల్లని మచ్చలు కనిపిస్తాయి. వాటిలో కొందరికి కుందేలు కనిపిస్తుంది, కొందరికి చెట్టు కింద కూర్చున్న అవ్వ కనిపిస్తుంది. అదే చంద్రుణ్ణి అష్టమినాడు చిన్న దూరదర్శినితో చూడండి. వెలుగూ చీకటీ కలిసే గీత పొడుగునా గుండ్రని గుంటలు వందలకొద్దీ కనిపిస్తాయి. అక్కడ సూర్యకాంతి ఏటవాలుగా పడుతుంది కనుక గుంటల గట్ల నీడలు పొడుగ్గా సాగి, వాటి లోతును మనకు పట్టి ఇస్తాయి. పున్నమినాడు నీడలుండవు. అందుచేత గుంటలు కనబడక మచ్చలు మాత్రమే మిగులుతాయి.

చంద్రునిపై ఒక కిలోమీటరుకు మించి వెడల్పున్న గుంటలు పది లక్షలకు పైగా ఉన్నాయి. చంద్రునికన్నా ఎంతో పెద్దదైన మన భూమిమీద ఇటువంటివని రుజువైనవి సుమారు 200 మాత్రమే. ఇంత తేడా ఎందుకు?

ముందుగా ఈ గుంటలెలా ఏర్పడ్డాయో చూద్దాం. అంతరిక్షంలో తిరిగే రాళ్లు సెకనుకు దాదాపు 20 కిలోమీటర్ల వేగంతో వచ్చి ఢీకొంటాయి. తుపాకి గుండు వేగానికి ఇది ఎన్నో రెట్లు ఎక్కువ. అంత వేగంతో వచ్చిన రాయి నేలలో దిగబడి ఊరుకోదు. దాని చలనశక్తి క్షణంలో వేడిగా మారి, రాయీ దానికింది నేలా బాంబులా పేలిపోతాయి. పేలుడు అన్ని దిక్కులకూ సమంగా వ్యాపిస్తుంది. అందుకే రాయి ఏటవాలుగా వచ్చినా గుంట దాదాపు గుండ్రంగానే ఉంటుంది. గుంట వెడల్పు ఆ రాయి వెడల్పుకు పది రెట్లో, ఇంకా ఎక్కువో ఉంటుంది.

"భూమికి గాలి పొర ఉంది కదా! రాళ్లన్నీ అందులోనే మండిపోతాయి" అని మీరనవచ్చు. ఈ జవాబు కొంతవరకే సరి. మన నెత్తిమీద ఉన్న గాలి మొత్తం బరువు 10 మీటర్ల లోతు నీటి బరువుకు సమానం. చిన్న రాళ్లను ఆపటానికి ఆ కవచం చాలు. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్స్క్ ప్రాంతంలో సుమారు 20 మీటర్ల రాయి నేలకు 30 కిలోమీటర్ల ఎత్తునే పగిలిపోయింది. కిటికీల అద్దాలు పగిలాయిగాని నేలమీద పెద్ద గుంట పడలేదు. కాని వంద మీటర్లకు మించిన గట్టి రాయికి గాలి పెద్ద అడ్డు కాదు. కిలోమీటరు రాయికి అసలు అడ్డే కాదు. పైగా భూమి ఆకర్షణ చంద్రుని ఆకర్షణకన్నా ఎక్కువ. అంటే పెద్ద రాళ్ల దెబ్బలు భూమి కూడా చంద్రునికి తగ్గకుండా తిన్నదన్నమాట. మరి ఆ గాయాలేవి? అవి మానిపోయాయి.

గాయం ఎలా మానుతుందో చూడాలంటే మనం మహారాష్ట్రలోని లోణార్‌కు వెళ్లాలి. అక్కడ దక్కను నల్లరాతి నేలలో 1.8 కిలోమీటర్ల వెడల్పున్న గుండ్రని గుంట ఉంది. దాని అడుగున ఉప్పునీటి చెరువు ఉంది. చుట్టూ ఉన్నది ఒకప్పటి లావా కనుక, ఇది అగ్నిపర్వతపు నోరని చాలాకాలం అనుకున్నారు. తరువాత గుంట అడుగున బోర్లు వేసి రాళ్లను పైకి తీశారు. అవి నుజ్జునుజ్జుగా పగిలి ఉన్నాయి. వాటిలోని కొన్ని ఖనిజ స్ఫటికాలు కరగకుండానే, కేవలం అదురు ఒత్తిడికి గాజుగా మారి ఉన్నాయి. ఏ అగ్నిపర్వతమూ అంతటి ఒత్తిడి కలిగించలేదు. కనుక ఆకాశం నుంచి పడిన రాయే ఈ గుంటను చేసిందని తేలింది.

లోణార్ వయస్సు తేల్చటం సులభం కాలేదు. మొదట సుమారు 50 వేల ఏళ్లన్నారు. ఆ దెబ్బకు కరిగిన రాతిలోని ఆర్గాన్ వాయువును కొలిచి, 2011లో ప్రకటించిన లెక్క సుమారు 5 లక్షల 70 వేల ఏళ్లని చెబుతోంది. దీనిని తీసుకొని ఒక చిన్న లెక్క చేద్దాం. గుంటలో ఇప్పటికే సుమారు 100 మీటర్ల మందాన ఒండ్రు పేరుకొంది. అంటే ఏడాదికి మిల్లీమీటరులో ఆరో వంతు. గట్టు అంచునుంచి అడుగుకు ఇంకా సుమారు 140 మీటర్ల లోతు మిగిలి ఉంది. ఇదే వేగంతో పూడితే అది నిండటానికి మరో 8 లక్షల ఏళ్లు పడుతుంది. మరోవైపు వానలు గట్టును కూడా కరిగిస్తూనే ఉంటాయి. గట్టు తరిగితే పూడవలసిన లోతూ తగ్గుతుంది. కనుక గుంట ఇంకా ముందే కనుమరుగు కావచ్చు.

ఇప్పుడు చంద్రునివైపు చూడండి. దక్షిణ భాగంలో టైకో అనే గుంట ఉంది. దాని వెడల్పు 85 కిలోమీటర్లు, వయస్సు సుమారు 11 కోట్ల ఏళ్లు. పడిన నాడు చిమ్మిన పొడి చారలు ఈనాటికీ తెల్లగా మెరుస్తున్నాయి. అక్కడ వాన లేదు, గాలి లేదు, ఏరు లేదు. రాయిని అరగదీసేవి చిన్నచిన్న ఉల్కల దెబ్బలే. చంద్రునిపై 11 కోట్ల ఏళ్ల గుంట కొత్తది. భూమిపై 6 లక్షల ఏళ్ల గుంట సగం పూడింది.

వానే కాదు, భూమి దగ్గర ఇంకో పని కూడా జరుగుతుంది. భూమి పైపొర పెద్ద పలకలుగా విడిపోయి కదులుతున్నది. సముద్రాల అడుగున కొత్త నేల పుడుతూ, పాతది మరొకచోట లోపలికి కుంగిపోతున్నది. అందుచేత సముద్రపు అడుగునేలలో దాదాపు అంతా 20 కోట్ల ఏళ్లలోపుదే. అంతకుముందు అక్కడ పడిన దెబ్బలు నేలతోబాటే మాయమయ్యాయి.

ఇక నల్ల మచ్చల సంగతి. వాటిని పూర్వులు సముద్రాలనుకొని ఆ పేర్లే పెట్టారు. 1969లో అపోలో-11 వ్యోమగాములు "ప్రశాంత సముద్రం"లో దిగి తెచ్చినవి నీళ్లు కావు, నల్లరాళ్లు. అవి బసాల్టు, అంటే చల్లారిన లావా. దక్కను పీఠభూమిలో ఉన్నదీ బసాల్టే. కాని దక్కను లావా వయస్సు సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్లయితే, ఆ చంద్రశిలల వయస్సు 360 నుంచి 390 కోట్ల ఏళ్లు. మొదట బ్రహ్మాండమైన దెబ్బలకు వందల కిలోమీటర్ల వెడల్పున్న పళ్లేలు ఏర్పడ్డాయి. తరువాత కోట్ల ఏళ్లపాటు లోపలి లావా పగుళ్లగుండా పైకి వచ్చి, ఆ పళ్లేలను నింపి, పాత గుంటలను కప్పేసింది. అందుకే నల్లని మైదానాల్లో గుంటలు తక్కువ, తెల్లని ఎత్తు ప్రాంతాల్లో ఎక్కువ. గుంటలను లెక్కపెడితే ఏ నేల ముందుదో, ఏది వెనుకటిదో తెలిసిపోతుంది.

మరి ఆ లావా ఆగిపోయిందెందుకు? గుండిగలోని అన్నం చాలాసేపు వేడిగా ఉంటుంది, చిన్న గిన్నెలోనిది త్వరగా చల్లారుతుంది. ఘనపరిమాణంలో చంద్రుడు భూమిలో ఏభయ్యో వంతే. తన వేడిని తొందరగా పోగొట్టుకున్నాడు. ఆ తరువాత అతని ముఖాన పడిన గాయాలను మాన్పేది ఏదీ లేకపోయింది.

ఈసారి అష్టమినాడు చూసినప్పుడు ఒక నల్లని మైదానంలోనూ, దాని పక్కనున్న తెల్లని చోటులోనూ అంతే వెడల్పు ఎంచుకొని గుంటలను లెక్కించండి. మీ లెక్కే ఆ రెంటిలో ఏది పాత నేలో చెబుతుంది.