అంతస్తుల పజిల్: ఏ క్లూతో మొదలుపెట్టాలి?

బ్యాంకు పరీక్షల్లో వచ్చే అంతస్తుల పజిల్‌ను క్లూలు ఇచ్చిన వరుసలోనే చేయడం అనవసరపు శ్రమ. తక్కువ చోట్ల ఇమిడే క్లూనే ముందు పట్టుకోవాలి. ఉదాహరణకు ఆరంతస్తుల భవనం, అంతస్తుకొకరు. కింది అంతస్తు 1. సీత రవి కంటే కింద ఉంటుంది. వాణి మధు కంటే పైన. లతకు సరిగ్గా కింద గోపి. రవి లత కంటే కింద ఉంటాడు, ఇద్దరి మధ్య మూడు అంతస్తులున్నాయి. ఈ చివరి క్లూకు రెండే దారులు: రవి 1, లత 5, లేదా రవి 2, లత 6. రవి 1లో ఉంటే సీతకు కింద చోటే లేదు. కాబట్టి రవి 2, సీత 1, లత 6, గోపి 5. మిగిలిన 4లో వాణి, 3లో మధు.

ఇలా రెండు దారులకూ రెండు పటాలు గీస్తే సమయం వృథా కాదా అనవచ్చు. కానీ ఊహించి ఒక్కటే గీసి, చివర్లో చెరిపేయడానికే ఎక్కువ సమయం పోతుంది. అసలు పొరపాటు లెక్కలో జరుగుతుంది: మధ్య మూడు అంతస్తులంటే తేడా 4, మూడు కాదు. మూడనుకుంటే రవి 2, లత 5 కూడా కుదురుతుంది, రవి 3, లత 6 కూడా కుదురుతుంది. అన్ని క్లూలూ వాడాక రెండు పటాలు మిగిలాయంటే, సాధారణంగా ఏదో క్లూ తప్పుగా చదివినట్టే.