బోర్‌హోల్‌లో 27, ల్యాబ్‌లో 9: ఏది నమ్మాలో చెప్పగలరా?

చోడవరం చుట్టుపక్కల నుంచి డిప్లొమా, బీటెక్ సివిల్ పూర్తిచేసిన వాళ్లలో చాలామంది ఉద్యోగం కోసం చూసేది అచ్యుతాపురం, పరవాడ, విశాఖ వైపే. అక్కడ ఫ్యాక్టరీ షెడ్డు కట్టినా, ట్యాంకు కట్టినా, ఫ్లైఓవర్ వేసినా మొదట దిగేది మట్టి పరీక్షల బృందం. ఆ బృందంలో బోరింగ్ చేయించేవారు, ఎస్‌పీటీ దెబ్బలు లెక్కపెట్టేవారు దొరుకుతారు. ప్రెషర్‌మీటర్, డైలటోమీటర్ ఫలితాలను ల్యాబ్ ఫలితాల పక్కన పెట్టి తేడా ఎందుకొచ్చిందో చెప్పగలిగేవారే తక్కువ. జియోటెక్నికల్ రంగంలోకి వెళ్లాలనుకునేవారికి ఈ నైపుణ్యం మంచి పట్టు.

రెండు పరికరాలు, రెండు నేలలు

ప్రెషర్‌మీటర్‌ను ఫ్రాన్స్‌కు చెందిన లూయీ మెనార్డ్ 1950లలో రూపొందించారు. బోర్‌హోల్‌లోకి రబ్బరు తొడుగున్న గొట్టాన్ని దించి, లోపలికి నీళ్లు పంపి ఉబ్బిస్తారు. ఒత్తిడిని మెట్లు మెట్లుగా పెంచుతూ, ఒక్కో మెట్టు దగ్గర ఒక నిమిషం ఆగి, ఎన్ని ఘనపు సెంటీమీటర్ల నీళ్లు లోపలికి వెళ్లాయో రాసుకుంటారు. ఆ రీడింగుల గ్రాఫ్‌లో మధ్యనుండే తిన్నని భాగం నుంచి మాడ్యులస్ వస్తుంది. మాడ్యులస్ ఎంత ఎక్కువైతే నేల అంత తక్కువ కుంగుతుంది.

డైలటోమీటర్ ఇటలీకి చెందిన సిల్వానో మార్కెటి తయారుచేసింది. 95 మిల్లీమీటర్ల వెడల్పు, 15 మిల్లీమీటర్ల మందం ఉన్న స్టీలు బ్లేడు అది. దాని ఒక వైపున 60 మిల్లీమీటర్ల గుండ్రటి పలుచని మెంబ్రేన్ ఉంటుంది. బ్లేడును నేలలోకి నొక్కి, ప్రతి 20 సెంటీమీటర్లకు ఆపి, గ్యాస్‌తో మెంబ్రేన్‌ను 1.1 మిల్లీమీటర్లు బయటికి నెడతారు. కదలిక మొదలైనప్పటి ఒత్తిడి ఒకటి, 1.1 మిల్లీమీటర్ల దగ్గర ఒత్తిడి ఇంకొకటి రాసుకుంటారు. (రాతిలో వాడే డైలటోమీటర్ వేరు. అది బోర్‌హోల్‌లో ఉబ్బే గొట్టమే. టెండర్ కాగితాల్లో ఏది అడిగారో చూసుకోవాలి.)

మన ప్రాంతంలో ఏది ఎక్కడ వాడాలో నేలే చెబుతుంది. తూర్పు కనుమల ఖోండలైట్ రాయి శిథిలమై ఏర్పడిన ఎర్రమట్టిలో సగం అరిగిన రాతి ముక్కలు తగులుతాయి. బ్లేడు నొక్కితే మెంబ్రేన్ చిరిగిపోతుంది కాబట్టి అక్కడ ప్రెషర్‌మీటరే దారి. విశాఖ పోర్టు వైపు మెత్తటి సముద్రపు బంకమట్టిలో బోర్‌హోల్ గోడ నిలవడమే కష్టం. అక్కడ డైలటోమీటర్ హాయిగా దిగుతుంది.

ఒక లెక్క చేసి చూద్దాం

ఎర్రమట్టిలో 4 మీటర్ల లోతున పరీక్ష చేశామనుకుందాం. అంకెలు ఉదాహరణకే. ఉబ్బక ముందు గొట్టం మధ్య గది ఘనపరిమాణం 535 ఘ.సెం.మీ. తిన్నని భాగంలో ఒత్తిడి 200 నుంచి 600 కిలోపాస్కల్స్‌కు పెరిగేసరికి లోపలికి వెళ్లిన నీళ్లు 120 నుంచి 160 ఘ.సెం.మీ.కు చేరాయి. సగటు 140.

E = 2.66 × (535 + 140) × 400 / 40 = 17,955 kPa

అంటే సుమారు 18 మెగాపాస్కల్స్. ఇదే మెనార్డ్ మాడ్యులస్. దీన్ని ల్యాబ్‌లో కన్సాలిడేషన్ పరీక్ష ఇచ్చే మాడ్యులస్‌తో నేరుగా పోల్చకూడదు. ముందు మెనార్డ్ సూచించిన గుణకంతో భాగించాలి. మామూలు బంకమట్టికి అది 2/3. ఇప్పుడు 27 మెగాపాస్కల్స్ అవుతుంది.

అదే లోతు నుంచి తీసిన 20 మిల్లీమీటర్ల మందం నమూనాను ల్యాబ్‌లో నీళ్లలో నానబెట్టి, ఒత్తిడిని 100 నుంచి 200 కిలోపాస్కల్స్‌కు పెంచితే 0.22 మిల్లీమీటర్లు కుంగింది. మాడ్యులస్ సుమారు 9. మూడు మీటర్ల మందం పొరపై 100 కిలోపాస్కల్స్ బరువు పడితే మొదటి లెక్కన కుంగుదల 11 మిల్లీమీటర్లు, రెండో లెక్కన 33. డిజైన్ ఇంజినీరు మిమ్మల్ని అడిగే ప్రశ్న ఇక్కడే వస్తుంది.

తేడా ఎక్కడిది?

“ల్యాబ్ నమూనా చెదిరిపోయింది, ఫీల్డ్ అంకె తీసుకోండి” అనేది అందరూ చెప్పే జవాబు. చాలాసార్లు నిజమే కూడా. శిథిల రాతి మట్టిలో ట్యూబు దిగేటప్పుడే రేణువుల మధ్య పట్టు విడిపోతుంది. రింగులో కోసేటప్పుడు మిగిలింది పోతుంది. పైగా ప్రెషర్‌మీటర్ నేలను పక్కకు నెడుతుంది, ల్యాబ్ పరీక్ష పైనుంచి నొక్కుతుంది. పొరలు పొరలుగా ఉన్న ఖోండలైట్ మట్టిలో ఈ రెండు దిశల్లో జవాబు ఒకటి కాకపోవచ్చు.

మన దగ్గర ఇంకో కారణం ఉంది. అది నీరు. ఏప్రిల్‌లో పరీక్ష చేస్తే నీటిమట్టం పైనున్న ఎర్రమట్టి పొడిగా, బిగుసుకుని ఉంటుంది. ల్యాబ్‌లో దాన్నే నానబెట్టాం. వానాకాలం తర్వాత పునాది కింద ఉండేది నానిన మట్టే. అప్పుడు ఫీల్డ్ అంకె నమ్మితే మోసపోతాం.

ఏది కారణమో తేల్చడానికి ఒకే నమూనా నుంచి రెండు రింగులు కోయించండి. ఒకటి సహజ తేమతో, రెండోది నానబెట్టి పరీక్షించండి. సహజ తేమ రింగు 22 దాకా వచ్చి, నానింది 9 దగ్గరే ఉంటే తేడా ఎక్కువగా నీటిదే. డిజైన్‌కు నానిన విలువ వైపే ఉండాలి. రెండూ 9, 10 దగ్గరే ఉంటే నీటిని అంతగా అనుమానించనక్కర్లేదు. నమూనా చెదిరి ఉండొచ్చు, దిశ తేడా కూడా ఉండొచ్చు. అప్పుడు ఫీల్డ్ విలువకు బలం పెరుగుతుంది.

ఫీల్డ్ అంకె కూడా తప్పొచ్చు

బోర్‌హోల్ వెడల్పు ఎక్కువైతే, ఉబ్బే గొట్టం గోడను తాకడానికే నీళ్లన్నీ ఖర్చవుతాయి. గ్రాఫ్ మొదట్లో చాలా దూరం పడుకునే ఉంటుంది. డ్రిల్లింగ్ గోడను మెత్తబరిస్తే మాడ్యులస్ బాగా పడిపోతుంది, నేల చివరికి లొంగిపోయే లిమిట్ ప్రెషర్ మాత్రం అంతగా తగ్గదు. అందుకే మాడ్యులస్‌ను లిమిట్ ప్రెషర్‌తో భాగించి చూస్తారు. మామూలు బంకమట్టిలో ఈ నిష్పత్తి 9 నుంచి 16 మధ్య ఉంటుంది. మన ఉదాహరణలో లిమిట్ ప్రెషర్ 1.5 మెగాపాస్కల్స్ అయితే 12 వస్తుంది, ఫర్వాలేదు. 5 వస్తే బోర్‌హోల్‌ను అనుమానించండి.

డైలటోమీటర్‌లో గండం మెంబ్రేన్ కాలిబ్రేషన్. మెత్తటి బంకమట్టిలో దిద్దిన రెండు ఒత్తిళ్లు 180, 215 కిలోపాస్కల్స్ అనుకోండి. తేడా 35ను 34.7తో గుణిస్తే మాడ్యులస్ 1.2 మెగాపాస్కల్స్. ఆ తేడాలో 10 కిలోపాస్కల్స్ పొరపాటు జరిగితే జవాబు దాదాపు 30 శాతం మారిపోతుంది. అందుకే మెంబ్రేన్‌ను గాలిలో పరీక్షించిన రీడింగులు పనికి ముందూ తర్వాతా రాసి ఉన్నాయో లేదో మొదట చూడాలి.

దారి ఏది?

ఆంధ్రా విశ్వవిద్యాలయంలో సాయిల్ మెకానిక్స్, వరంగల్ ఎన్‌ఐటీ, హైదరాబాద్ ఐఐటీల్లో జియోటెక్నికల్ పీజీ చదవొచ్చు. ఎన్‌ఐటీ, ఐఐటీలకు గేట్ స్కోరు ఉండాలి. డిప్లొమాతో ఆగినవారు మట్టి పరీక్షల సంస్థలో ఫీల్డ్ సూపర్‌వైజర్‌గా మొదలుపెట్టొచ్చు. ఎటువైపు వెళ్లినా ఐఎస్ 2720లో కన్సాలిడేషన్ భాగం, ప్రెషర్‌మీటర్‌కు ఏఎస్‌టీఎం డి4719, డైలటోమీటర్‌కు డి6635 చదివి ఉండండి. ఇంటర్వ్యూలో “ఫీల్డ్, ల్యాబ్ విలువల్లో ఏది సరైనది?” అని అడిగితే ఒక అంకె చెప్పకండి. పరీక్ష ఏ నెలలో చేశారు, నమూనాను నానబెట్టారా, బోర్‌హోల్ ఎలా తవ్వారు అని అడిగి, ఆ తర్వాత చెప్పండి.