ఈనెలు మిగిలిన రావి ఆకు

పిల్లలూ! శీర్షికలో ఉన్నది ‘ఈ నెల’ కాదు, ‘ఈనె’. ఆకు మధ్యలో కాడలా నిలిచి, అటూ ఇటూ కొమ్మల్లా చీలేదే ఈనె. కొబ్బరి ఈనెలతో చీపురు కడతాం కదా, అదే మాట. ఈ వానాకాలంలో ఢిల్లీ క్వార్టర్‌లోని ఒక మూలను అలంకరించడానికి మనకు కావలసింది ఈ ఈనెలే. పండుగ ఏదీ రానక్కర్లేదు.

నిరుడు జులైలో నేను ఒక పొరపాటు చేశాను. రోడ్డు పక్కన రాలిన ఆకులు ఏరి, పాత పుస్తకంలో నొక్కి, గోధుమరంగు అట్టకు అంటించి గోడకు ఆనించాను. వారం తిరగకముందే ఆకుల మీద తెల్లటి నూగు పట్టింది. అది బూజు. మే నెలలో ఇదే ఆకు బాల్కనీలో ఒక్క రోజులో గలగలలాడేలా ఎండుతుంది. జులై, ఆగస్టుల్లో గాలి నిండా తేమే. పైకి ఎండినట్టున్నా, ఆకులోని మెత్తటి భాగం ఆ తేమను పీల్చుకుంటుంది. బూజుకు తిండి అదే.

అందుకే ఈసారి ఆ మెత్తటి భాగాన్నే తీసేశాను. అందుకు రావి ఆకు మంచిది, ఎందుకంటే దాని ఈనెలు గట్టివి, వలలా దగ్గరగా అల్లుకుని ఉంటాయి. వేపాకు అయితే చిరిగిపోతుంది. లేత ఆకులు వద్దు. బాగా ముదిరిన, పురుగు కొట్టని ఆకులు ఆరు తీసుకోండి. ఒకటి రెండు ఎలాగూ చిరుగుతాయి.

మూత ఉన్న డబ్బాలో నీళ్లు పోసి ఆకులు వేసి, తేలకుండా పైన చిన్న రాయి పెట్టండి. మూత గట్టిగా పెట్టడం మరవకండి. ఇది డెంగీ కాలం. తెరిచి ఉంచిన నీటిలో దోమ గుడ్డు పెడితే, వారం పది రోజుల్లో కొత్త దోమలు ఎగురుతాయి. మూడు రోజులకోసారి నీళ్లు మార్చి, పాత నీళ్లు మొక్కకు పోయండి. వాసన వస్తుంది, డబ్బా బాల్కనీలో ఉంచితే అమ్మ ఏమీ అనదు.

సుమారు మూడు వారాలకు ఒక ఆకును వేళ్ల మధ్య మెల్లగా రుద్ది చూడండి. ఆకుపచ్చ పొర జారి వస్తే సిద్ధమైనట్టు. రాకపోతే ఇంకో వారం ఆగండి, తొందరపడి గీకితే చిల్లులు పడతాయి. పళ్లెంలో కొంచెం నీళ్లు పోసి, ఆకు పరిచి, పాత మెత్తటి టూత్‌బ్రష్‌తో నడిమి ఈనె నుంచి అంచుల వైపు తట్టండి, రుద్దకండి. రావి ఆకుకు తోకలాంటి కొన ఉంటుంది చూడండి, ముందు విరిగేది అదే. దాన్ని చివరికి వదిలేయండి. కడిగాక రెండు నూలు గుడ్డల మధ్య పెట్టి, పైన బరువైన పుస్తకం ఉంచండి. గుడ్డ తడిసినప్పుడల్లా మార్చండి. అలా వదిలేస్తే ఆకు చుట్టుకుపోతుంది.

ఇలా తయారైన ఆకు లేత గోధుమరంగులో ఉంటుంది, తెల్లటి గోడ మీద కనిపించదు. వెనక ముదురు రంగు కావాలి. నేను జేగురు పొడి వాడాను. ఇక్కడ హిందీలో ‘గేరూ’ అని అడిగితే ఇస్తారు. రెండు చెంచాల పొడికి ఒక చెంచా జిగురు, కొద్దిగా నీళ్లు కలిపి అట్టకు పూయండి. జిగురు లేకపోతే ముట్టుకున్న ప్రతి చేతికీ ఎరుపు అంటుతుంది. క్వార్టర్ గోడకు మేకు కొట్టకూడదు కనుక అట్టను బల్ల మీద నిలబెట్టండి. వాన కొట్టే వైపు గోడకు మాత్రం ఆనించవద్దు.

పక్కన మట్టికుండీలో మనీప్లాంట్ పెట్టాను. ఉత్తమ్ నగర్‌లో కుమ్మరుల వాడ ఉంది, అక్కడ రకరకాల కుండీలు దొరుకుతాయి. కుండీకీ అట్టకూ మధ్య జానెడు దూరం ఉంచండి, తడి మట్టి చుట్టూ తేమ ఉంటుంది. కుండీ కింద పళ్లెంలో నిలిచిన నీళ్లు రోజూ పారబోయాలి. కొన్నాళ్లకు కుండీ బయట తెల్లటి మచ్చలు వస్తే కంగారు పడకండి. గరగరలాడితే అది నీళ్లలోని ఉప్పు. దూదిలా మెత్తగా ఉండి తుడిస్తే పోయేది బూజు. అప్పుడు కుండీని కిటికీ దగ్గరికి జరపండి.

బదిలీ ఉత్తర్వు వచ్చిన రోజు కుండీని పక్కింటి వాళ్లకు ఇచ్చేస్తాను, అంతకు ముందూ రెండుసార్లు ఇచ్చాను. ఆకును మాత్రం రెండు తెల్లకాగితాల మధ్య పెట్టి, నోటుపుస్తకంలో ఉంచి, చేతిసంచిలో పట్టుకెళ్తాను. లారీలో సామానుతో వేస్తే తోక విరుగుతుంది.