మెయిల్‌లో ‘అండి’ కనబడదు

ప్రశ్న: నేను కరీంనగర్ ఐటీ టవర్‌లో పనిచేస్తున్నాను. డల్లాస్‌లోని సహోద్యోగికి ‘ఐ హ్యావ్ ఎ డౌట్ ఇన్ యువర్ డిజైన్. ప్లీజ్ సెండ్ ది ఫైల్ బై టుమారో ఈవెనింగ్’ అని రాశాను. ఆయన ముభావంగా జవాబిచ్చారు. తప్పెక్కడండీ?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ ఉద్దేశంలో తప్పు లేదమ్మా. మనకు డౌట్ అంటే అడిగి తెలుసుకోవాల్సిన సంగతి. అమెరికన్‌కు అది అపనమ్మకం. మీరు ఆయన డిజైన్‌నే శంకించారని అనుకుని ఉంటారు. ‘క్వశ్చన్’ అని రాసి, ఏ పేజీలో ఏది అర్థం కాలేదో చెబితే సరిపోయేది.

రెండో వాక్యం ఇంకా చిక్కు. మన మర్యాద ‘అండి’లో, ‘గారు’లో, ‘పంపగలరా’ అనే క్రియలో ఉంటుంది. ఇంగ్లీషులోకి మారేసరికి అవన్నీ రాలిపోతాయి. ‘ప్లీజ్’ ముందు పెట్టినా ‘సెండ్’ ఆజ్ఞలాగే వినిపించవచ్చు. పంపే ముందు ఆ వాక్యాన్ని ‘అండి’ లేని తెలుగులో చదవండి: ‘ఫైల్ రేపటికల్లా పంపు.’ కటువుగా తోస్తే ‘కుడ్ యూ సెండ్’ అని మార్చి, ఎందుకు కావాలో ఒక ముక్క చేర్చండి.

ఇక ‘రేపు సాయంత్రం’ ఎవరిది? వేసవిలో మన సాయంత్రం 6 గంటలంటే డల్లాస్‌లో అదే రోజు ఉదయం 7.30. అందుకే తేదీ, గంట, ఎవరి సమయమో మూడూ రాయండి. నెలను అక్షరాల్లో రాయాలి. 05/06 మనకు జూన్ 5, వాళ్లకు మే 6.

అయితే అందరికీ ఇదే మెత్తదనం పనికిరాదు. జర్మనీ సహోద్యోగులు చాలామంది సూటి మాటనే ఇష్టపడతారు. అక్కడ మరీ చుట్టూ తిప్పితే అడిగిందే మరుగున పడుతుంది.